గాల్ బ్లాడర్ తొలగించే ఆపరేషన్: అంగీకార పత్రం తెలుగు పాఠం

రోగి: 56 ఏళ్ల మహిళ, తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఆపరేషన్ గురువారం ఉదయం 8 గంటలకు. కొడుకు, కోడలు ఈ పత్రాన్ని ఆమెకు బిగ్గరగా చదివి వినిపించాలి. అర్థం కానిచోట ఆగి డాక్టరును అడగండి. సంతకానికి తొందర లేదు.

ఎందుకు చేస్తున్నాం

అమ్మగారి గాల్ బ్లాడర్‌లో, అంటే కాలేయం కింద పసరు నిల్వ ఉండే సంచిలో, చాలా రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలింది. వాటిలో పెద్దది 14 మిల్లీమీటర్లు. ఇప్పటికి రెండుసార్లు వాపు వచ్చి ఆ సంచి గోడ మందమైంది. మందులతో నొప్పి తగ్గుతుంది కానీ ఇలాంటి రాళ్లు కరిగిపోవు. ఆపరేషన్ వద్దనుకునే హక్కు ఆమెకుంది. అప్పుడు నొప్పి మళ్లీ రావచ్చు. రాయి జారి పసరు నాళంలో అడ్డుపడితే కామెర్లు, చలిజ్వరం రావచ్చు, జీర్ణరసాలు తయారుచేసే క్లోమం వాచిపోవచ్చు. క్లోమం వాపు కొందరిలో ప్రాణం మీదికి తెస్తుంది.

ఎలా చేస్తాం

పూర్తి మత్తు ఇస్తాం. దాని అపాయాలను మత్తు డాక్టరు విడిగా చెప్పి వేరే సంతకం తీసుకుంటారు. పొట్టను గ్యాస్‌తో ఉబ్బించి, 5 నుంచి 10 మిల్లీమీటర్ల నాలుగు రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పెడతాం. గాల్ బ్లాడర్‌కు వెళ్లే నాళానికి, రక్తనాళానికి క్లిప్పులు వేసి కత్తిరించి, సంచిని మొత్తంగా బయటికి తీస్తాం. టైటానియం క్లిప్పులు లోపలే ఉండిపోతాయి. తర్వాతెప్పుడైనా ఎమ్మారై చేయించాల్సి వస్తే అక్కడ ఈ సంగతి చెప్పండి.

వాపు వల్ల నాళాలు స్పష్టంగా కనబడకపోతే కుడి పక్కటెముకల కింద కోసి ఆపరేషన్ పూర్తిచేస్తాం. సాధారణంగా నూటికి సుమారు ఐదుగురికి ఇలా జరుగుతుంది. ఈమెకు రెండుసార్లు వాపు వచ్చింది, పాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మచ్చ కూడా ఉంది. అందుకే ఆ అవకాశం ఇంకొంచెం ఎక్కువ. కోత పెట్టాల్సి రావడం ఆపరేషన్ చెడిపోవడం కాదు, ప్రమాదం జరగకుండా తీసుకునే నిర్ణయం. అలా జరిగితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపాల్సింది ఐదారు రోజులు పడుతుంది. ఒక్కోసారి సంచిలో కొంత భాగాన్ని వదిలేయడమే క్షేమం.

ఏమి జరగవచ్చు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: కాలేయం నుంచి పేగుకు పసరు తీసుకెళ్లే ప్రధాన నాళానికి దెబ్బ తగలవచ్చు. వెయ్యి మందిలో ముగ్గురి నుంచి ఐదుగురికి ఇలా అవుతుంది. అప్పుడు మరో పెద్ద ఆపరేషన్, కొన్ని నెలల చికిత్స అవసరం కావచ్చు. క్లిప్పు వేసినచోట పసరు కారడం నూటికి ఒకరిలో చూస్తాం. దానికి పసరు బయటికి పోయేలా పొట్టలో గొట్టం పెట్టడమో, నోటి గుండా ఎండోస్కోపీ చేసి నాళంలో స్టెంటు అనే సన్నని గొట్టం వేయడమో చేస్తాం. ముందే నాళంలోకి జారిన రాయి తర్వాత బయటపడితే దాన్నీ ఎండోస్కోపీతోనే తీస్తాం.

రక్తస్రావం, పేగుకు గాయం, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు అరుదు. బొడ్డు దగ్గర గాయానికి చీము పట్టడం షుగర్ ఉన్నవారిలో కాస్త ఎక్కువ. అందుకే షుగర్‌ను గంటల వారీగా చూస్తాం, అవసరమైతే ఇన్సులిన్ ఇస్తాం. గ్యాస్ వల్ల రెండు మూడు రోజులు భుజం నొప్పిగా ఉండవచ్చు, దానికి భయపడవద్దు. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి.

ముందు, తర్వాత

బుధవారం రాత్రి 12 తర్వాత ఏమీ తినకూడదు. పాలు, కాఫీ, మజ్జిగ కూడా వద్దు. మంచినీళ్లు ఉదయం 6 వరకు తాగవచ్చు. కడుపు నిండి ఉంటే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒక్క ఇడ్లీ తిన్నా దాచకుండా చెప్పండి, ఆపరేషన్ వాయిదా వేస్తాం. ఆ ఉదయం షుగర్ మాత్ర వేయవద్దు. రక్తం పలచబరిచే మాత్రలు, నాటు మందులు వాడుతుంటే ఇప్పుడే చెప్పండి.

తీసిన సంచిని పరీక్షకు పంపుతాం. ఆ రిపోర్టు తప్పక తీసుకోండి. అరుదుగా క్యాన్సర్ అందులోనే తెలుస్తుంది. ఇంటికి వెళ్లాక జ్వరం, కళ్లు పచ్చబడటం, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే రాత్రయినా సరే వెంటనే తీసుకురండి.

రోగి అంగీకారం

"నా జబ్బు, ఆపరేషన్, దాని అపాయాలు, వేరే మార్గాలు నాకు తెలుగులో చెప్పారు. నేను అడిగినవాటికి జవాబులిచ్చారు. గాల్ బ్లాడర్ తీయడానికి, అవసరమైతే కోత పెట్టడానికి, ప్రాణాపాయంలో రక్తం ఎక్కించడానికి ఒప్పుకుంటున్నాను. నా ప్రాణం కాపాడటానికి తప్ప వేరే ఏ అవయవమూ నా అనుమతి లేకుండా తీయకూడదు. మత్తు ఇచ్చేలోపు ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చని, దానివల్ల నాకు మిగతా వైద్యం ఆగదని తెలుసు."

అమ్మగారు స్పృహలో, తెలివితో ఉన్నారు కాబట్టి సంతకం గానీ ఎడమ బొటనవేలి ముద్ర గానీ ఆమెదే కావాలి. కొడుకు సంతకం సాక్షిగా మాత్రమే. చదివి వినిపించినవారు, ఆపరేషన్ చేసే డాక్టరు కూడా తేదీ, సమయం వేసి సంతకం చేస్తారు. ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్లండి.