ఉపయుక్త గ్రంథసూచి: సరిచేసిన ప్రతి, తేలవలసిన వివరాలు

మాస్టారికి నమస్కారం.

కాకతీయుల మీది మీ పుస్తకం కోసం పంపిన మూడు ఫొటోల్లోని గ్రంథసూచిని ఒకే పద్ధతిలోకి తెచ్చి పంపుతున్నాను. ఫొటోల్లో 21 పంక్తులున్నాయి. ఈటన్ పుస్తకం ఒకటి, విలస శాసనం మీది వ్యాసం ఒకటి రెండేసి సార్లు వచ్చాయి, వాటిని కలిపేశాను. ఒక పంక్తిలో రెండు వేర్వేరు రచనలు కలిసిపోయాయి, దాన్ని విడదీశాను. మొత్తం 20 తేలాయి. వాటిలో ఐదింటికి మీ దగ్గరున్న ప్రతి చూస్తే తప్ప పూర్తికాని ఖాళీలున్నాయి.

అధ్యాయాల్లో మీరు (టాల్బట్ 2001: 45) అన్న తీరులో సూచించారు కాబట్టి సూచిలోనూ పేరు పక్కనే సంవత్సరం పెట్టాను. పాఠకుడు బ్రాకెట్‌లో చూసిన రెండు మాటలతోనే ఇక్కడ వెతుక్కుంటాడు. తెలుగు పేర్లలో ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది కనుక తిరగేయలేదు, కామా పెట్టలేదు. మీ ప్రతిలో ఒక చోట "ప్రతాపరెడ్డి, సురవరం", ఒక చోట "Rao V.N." అని ఉన్నవి మన వరుసకు వచ్చాయి. ఇంగ్లిషు పేర్లకు మాత్రం ఇంటిపేరు, కామా, తర్వాత సొంత పేరు. పుస్తకాల పేర్లు మందపు అక్షరాల్లో, వ్యాసాల పేర్లు జంట కొటేషన్లలో ఉన్నాయి. ఇటాలిక్ వాడలేదు. తెలుగు ఫాంట్లలో ఎక్కువ వాటికి అసలైన ఇటాలిక్ ఉండదు, కంప్యూటర్ బలవంతంగా వంచితే ఒత్తులు పక్క అక్షరాలకు తగులుతాయి. పత్రికలకు సంపుటం, బ్రాకెట్‌లో సంచిక, తర్వాత పేజీలు. పేజీలు రెండు వైపులా పూర్తి అంకెల్లో ఉంటాయి: 851–880, అంతేగాని 851–80 కాదు.

[ ] లోపల ఉన్నది ఫొటోలో లేదు, లైబ్రరీ క్యాటలాగు లేదా స్కాన్ చూసి నేను చేర్చాను. ★ ఉన్న చోట మీరు చెప్పాలి. "తేదీ లేదు" అనే గుర్తు ఎక్కడా పెట్టలేదు. పుస్తకం తెరిచి, శీర్షిక పేజీ, దాని వెనక పేజీ చూసి, సంవత్సరం అచ్చు కాలేదని తేలినప్పుడే ఆ మాట రాయాలి. ఫొటోలో కనపడలేదంటే పుస్తకంలో లేదని కాదు.

గ్రంథసూచి

ఈటన్, రిచర్డ్ ఎం. 2005. ఎ సోషల్ హిస్టరీ ఆఫ్ ద డెక్కన్, 1300–1761: ఎయిట్ ఇండియన్ లైవ్స్. [ద న్యూ కేంబ్రిడ్జ్ హిస్టరీ ఆఫ్ ఇండియా 1.8.] కేంబ్రిడ్జ్: కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్.

ఈటన్, రిచర్డ్ ఎం., ఫిలిప్ బి. వాగనర్. 2014. పవర్, మెమరీ, ఆర్కిటెక్చర్: కంటెస్టెడ్ సైట్స్ ఆన్ ఇండియాస్ డెక్కన్ ప్లాటో, 1300–1600. న్యూఢిల్లీ: ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్.

ఏకామ్రనాథుడు. ప్రతాపరుద్ర చరిత్రము. ★ పరిష్కర్త, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం.

చిలుకూరి వీరభద్రరావు. ఆంధ్రుల చరిత్రము. ★ ఎన్నో భాగం, ఏ ముద్రణ. [ప్రథమ భాగం తొలి ముద్రణ 1910.]

జయంతి రామయ్య పంతులు. "మల్కాపురం స్టోన్ పిల్లర్ ఇన్‌స్క్రిప్షన్." జర్నల్ ఆఫ్ ది ఆంధ్ర హిస్టారికల్ రీసెర్చ్ సొసైటీ 4. ★ పూర్తి శీర్షిక, సంవత్సరం, పేజీలు.

టాల్బట్, సింథియా. 1995. "ఇన్‌స్క్రైబింగ్ ది అదర్, ఇన్‌స్క్రైబింగ్ ద సెల్ఫ్: హిందూ-ముస్లిం ఐడెంటిటీస్ ఇన్ ప్రీ-కలోనియల్ ఇండియా." కంపారటివ్ స్టడీస్ ఇన్ సొసైటీ అండ్ హిస్టరీ 37 [(4): 692–722].

టాల్బట్, సింథియా. 2001. ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్: సొసైటీ, రీజియన్, అండ్ ఐడెంటిటీ ఇన్ మెడీవల్ ఆంధ్ర. న్యూయార్క్: ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్.

నేలటూరి వేంకటరమణయ్య. 1935. స్టడీస్ ఇన్ ద థర్డ్ డైనాస్టీ ఆఫ్ విజయనగర. మద్రాసు: [మద్రాసు విశ్వవిద్యాలయం].

నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ. 1957–58. "విలస గ్రాంట్ ఆఫ్ ప్రోలయ-నాయక." ఎపిగ్రాఫియా ఇండికా 32: [239–268].

నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ. [1960.] "ద కాకతీయాస్ ఆఫ్ వరంగల్." [ది ఎర్లీ హిస్టరీ ఆఫ్ ద డెక్కన్లో, సంపాదకుడు జి. యాజ్దానీ, 575–713. లండన్: ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్.]

పి. వి. పరబ్రహ్మశాస్త్రి. 1978. ద కాకతీయాస్ ఆఫ్ వరంగల్. హైదరాబాద్: [ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం].

మల్లంపల్లి సోమశేఖర శర్మ. 1948. హిస్టరీ ఆఫ్ ద రెడ్డి కింగ్‌డమ్స్. వాల్తేరు: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు.

వాగనర్, ఫిలిప్ బి. 1993. టైడింగ్స్ ఆఫ్ ద కింగ్: ఎ ట్రాన్స్‌లేషన్ అండ్ ఎత్నోహిస్టారికల్ అనాలిసిస్ ఆఫ్ ద రాయవాచకము. హొనొలులు: యూనివర్సిటీ ఆఫ్ హవాయి ప్రెస్.

వాగనర్, ఫిలిప్ బి. 1996. "'సుల్తాన్ అమంగ్ హిందూ కింగ్స్': డ్రెస్, టైటిల్స్, అండ్ ది ఇస్లామిసైజేషన్ ఆఫ్ హిందూ కల్చర్ ఎట్ విజయనగర." జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్ 55 (4): 851–880.

విద్యానాథుడు. 1909. ప్రతాపరుద్రయశోభూషణం. పరిష్కర్త కె. పి. త్రివేది. [బాంబే సంస్కృత్ అండ్ ప్రాకృత్ సిరీస్ 65.] బొంబాయి: గవర్నమెంట్ సెంట్రల్ ప్రెస్.

వినుకొండ వల్లభరాయుడు. క్రీడాభిరామము. పరిష్కర్త వేటూరి ప్రభాకరశాస్త్రి. ★ ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం. కర్త పేరు కింద చూడండి.

వెల్చేరు నారాయణరావు. 2003. "మల్టిపుల్ లిటరరీ కల్చర్స్ ఇన్ తెలుగు: కోర్ట్, టెంపుల్, అండ్ పబ్లిక్." లిటరరీ కల్చర్స్ ఇన్ హిస్టరీ: రీకన్‌స్ట్రక్షన్స్ ఫ్రమ్ సౌత్ ఏషియాలో, సంపాదకుడు షెల్డన్ పొలాక్, [383–436]. బర్క్‌లీ: యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్.

సురవరం ప్రతాపరెడ్డి. ఆంధ్రుల సాంఘిక చరిత్ర. హైదరాబాద్. ★ ముద్రణ, ప్రచురణకర్త, సంవత్సరం. [తొలి ముద్రణ 1949.]

స్టైన్, బర్టన్. 1980. పెజంట్ స్టేట్ అండ్ సొసైటీ ఇన్ మెడీవల్ సౌత్ ఇండియా. [ఢిల్లీ:] ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్.

హుల్ట్ష్, ఇ. 1913–14. "మోటుపల్లి పిల్లర్ ఇన్‌స్క్రిప్షన్ ఆఫ్ గణపతిదేవ." ఎపిగ్రాఫియా ఇండికా 12: [188–197].

మీరు చూడవలసినవి

అన్నిటికంటే ముఖ్యం "కాకతీయాస్ ఆఫ్ వరంగల్". రెండో ఫొటో నడుమ "వేంకటరమణయ్య, Kakatiyas of Warangal, Hyd., 1978" అని ఉంది. ఆ పేరుతో రెండు రచనలున్నాయి. ఒకటి యాజ్దానీ సంపాదకత్వంలోని గ్రంథంలో వేంకటరమణయ్య గారూ సోమశేఖర శర్మ గారూ కలిసి రాసిన అధ్యాయం. రెండోది పరబ్రహ్మశాస్త్రి గారి పుస్తకం. మీ పంక్తిలో పేరు మొదటిదానిది, ఊరూ సంవత్సరమూ రెండోదానివి. లోపలి సూచనల్లో ఏది ఏదో పేజీ సంఖ్యే చెబుతుంది. అధ్యాయం 575 నుంచి 713 వరకు నడుస్తుంది. మీ రెండో అధ్యాయంలో (వేంకటరమణయ్య 1978: 612) అన్నది అదే అయి ఉండాలి, (వేంకటరమణయ్య, సోమశేఖర శర్మ 1960: 612) అని మార్చాను. మీ నాలుగో అధ్యాయంలో 88వ పేజీ అన్నది యాజ్దానీ గ్రంథంలోని ఆ అధ్యాయంలో ఉండే అవకాశం లేదు. పరబ్రహ్మశాస్త్రి గారి పుస్తకం 88వ పేజీ తెరిచి, మీరు చెప్పిన సంగతి అక్కడుందో లేదో చూడండి. అది తేలేదాకా ఆ వాక్యాన్ని ముట్టుకోను.

హుల్ట్ష్ వ్యాసానికి మీరు "Ep. Ind. XII, p. 22" అని రాశారు. 22 ఆ సంపుటంలో శాసనం వరుస సంఖ్య. పేజీలు 188–197. ఎపిగ్రాఫియా ఇండికాను పండితులు సంపుటం, శాసన సంఖ్యలతో చెప్పడం మామూలే. అక్కడినుంచి ఎత్తి రాసుకునేటప్పుడు ముందు "p." చేరిపోతుంది. అధ్యాయాల్లో ఇలాంటివి ఇంకా ఉంటే ఈ కోణంలోనే చూడండి. సంపుటం మీది 1913–14, 1957–58 వంటి జంట సంవత్సరాలను అలాగే ఉంచాను. అవి సంపుటానికి చెందిన కాలం, అచ్చయిన ఏడాది సాధారణంగా ఆ తర్వాతే. ఒక చోట అదీ మరో చోట ఇదీ వాడితే ఒకే వ్యాసం రెండు వ్యాసాలుగా కనిపిస్తుంది.

విలస వ్యాసం మొదటి ఫొటోలో సోమశేఖర శర్మ గారి ఒక్కరి పేరు మీద, మూడో ఫొటోలో వేంకటరమణయ్య గారి ఒక్కరి పేరు మీద ఉంది. రాసింది ఇద్దరూ. అందుకే లోపల కూడా ఇద్దరి పేర్లూ రావాలి.

క్రీడాభిరామాన్ని మీరు "శ్రీనాథుడు" కింద రాశారు. దాన్ని శ్రీనాథుడి రచన అన్న వాదం ఉంది, పరిష్కర్త వేటూరి ప్రభాకరశాస్త్రి గారిదే ఆ పక్షం. అయినా కావ్యం వల్లభరాయుడి పేరు మీదే ఉంది, క్యాటలాగుల్లో వెతికేవాడు అక్కడే చూస్తాడు. సూచిలో వల్లభరాయుణ్ణే ఉంచి, కర్తృత్వం గురించి మీ అభిప్రాయాన్ని అధ్యాయంలో ఒక అధస్సూచికలో పెడితే బాగుంటుందని నా మనవి. శ్రీనాథుడి పేరే ఉండాలంటే అలాగే మారుస్తాను, కాని అప్పుడు లోపలి సూచనలన్నీ మారాలి.

సురవరం వారి పుస్తకానికి రెండో ఫొటో కుడి అంచు తెగిపోయి "3వ" దగ్గర ఆగింది. మూడో ముద్రణో, మూడో అధ్యాయమో తేల్చలేను. ఈ పుస్తకం చాలాసార్లు అచ్చయింది, ముద్రణ మారితే పేజీ సంఖ్య జరుగుతుంది. మీరు ఇందులోంచి 14 చోట్ల పేజీలు ఇచ్చారు, అవి మీ బల్ల మీదున్న ప్రతికే సరిపోతాయి. 1949 అని తొలి ముద్రణ సంవత్సరం పెట్టి మరో ముద్రణ పేజీలు ఇస్తే 14 సూచనలూ చెడతాయి. చిలుకూరి వారి చరిత్రకూ ఇదే ఇబ్బంది, దానికి తోడు భాగం సంఖ్య లేకపోతే పేజీ సంఖ్యకు అర్థమే ఉండదు. ప్రతాపరుద్ర చరిత్రము పాత వచన గ్రంథం, పరిష్కర్త ఎవరో తెలిస్తేనే పాఠం ఏదో తెలుస్తుంది. ఆ పేరు మీ ప్రతి అట్ట మీద కాకపోయినా పీఠిక చివర ఉంటుంది.

టాల్బట్, వాగనర్ పేర్ల కింద మీరు గీసిన "—do—" గుర్తుల్ని అక్షరక్రమంలో పెట్టకముందే పూర్తి పేర్లుగా రాశాను. మూడో ఫొటోలో పైనున్న పేరు ముందు పేజీలో ఉండిపోవడంతో 1996 నాటి వ్యాసం టాల్బట్‌ది అన్నట్టు కనిపించింది. అది వాగనర్‌దే. అలాగే రెడ్డి రాజ్యాల చరిత్ర సంవత్సరంలో 4 గీత చెరిగి 1978లా ఉంది. 1948 సరైనది.

★ ఉన్న ఐదింటికి శీర్షిక పేజీ, దాని వెనక పేజీ ఫొటోలు పంపండి. జర్నల్ వ్యాసానికైతే మొదటి పేజీ, చివరి పేజీ, సంపుటం అట్ట. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో పేజీకి ఒక్కో ఫొటో, నాలుగు అంచులూ కనపడేలా తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేస్తే అక్షరాలు నలగవు. వచ్చే సోమవారంలోపు అందితే సూచి పేజీలు లేఅవుట్‌కు మంగళవారం వెళతాయి. అందనివి ★తోనే మొదటి ప్రూఫులో ఉంటాయి, రెండో ప్రూఫు దాకా సమయం ఉంది.