వినియోగదారుల ప్రవర్తన క్విజ్: కొనుగోలు నిర్ణయ దశలు, కొన్నాక పీడించే డిసొనెన్స్

బీబీఏ రెండో సంవత్సరం. సమయం 20 నిమిషాలు, మార్కులు 10. ముందు ఈ కథ రెండుసార్లు చదవండి. చాలా జవాబులు అందులోనే ఉన్నాయి.

ఏప్రిల్ ఎండలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే సరళగారి ఫ్రిజ్‌లో పాలు తెల్లారేసరికి విరిగిపోతున్నాయి. కంప్రెసర్ పోయిందని మెకానిక్ తేల్చేశాడు. ఆవిడ పై పోర్షన్ వాళ్లని అడిగారు, కూతురు ఫోన్లో రివ్యూలు చదివి వినిపించింది, ఆదివారం కోఠిలో షాపులన్నీ తిరిగారు. చివరికి రెండు మిగిలాయి: కరెంటు తక్కువ తాగేది రూ.27,500, కూరగాయల అర పెద్దగా ఉన్నది రూ.26,900. మొదటిదే కొన్నారు. ఫ్రిజ్ ఇంటికొచ్చింది, చక్కగా పనిచేస్తోంది. అయినా ‘ఆ పెద్ద అర ఉన్నదే తీసుకోవాల్సిందేమో’ అని ఆవిడకి ఒకటే గుబులు. పేపర్లో తాను కొన్న మోడల్ ప్రకటన కనిపిస్తే మాత్రం చివరి అక్షరం దాకా చదువుతున్నారు.

1. పాలు విరగడం, మెకానిక్ మాట ఏ దశకు చెందుతాయి? (1 మార్కు)
అ) సమాచార సేకరణ ఆ) అవసరాన్ని గుర్తించడం ఇ) ప్రత్యామ్నాయాల మూల్యాంకనం ఈ) కొనుగోలు

2. పై పోర్షన్ వాళ్లు ఎలాంటి సమాచార వనరు? (1)
అ) వాణిజ్య ఆ) ప్రజా ఇ) వ్యక్తిగత ఈ) అనుభవ

3. డబ్బు కట్టబోయే సమయానికి అత్తగారు ఫోన్ చేసి ‘ఆ కంపెనీది వద్దమ్మా’ అన్నారనుకోండి. ఇది ఏ రెండు దశల మధ్య అడ్డుపడినట్టు? (1)

4. సరళగారిది అసంతృప్తా, కాగ్నిటివ్ డిసొనెన్సా? కారణాలతో రాయండి. (3)

5. డిసొనెన్స్ ఎక్కడ ఎక్కువ? (1)
అ) రోజూ కొనే పాల ప్యాకెట్ ఆ) ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ ఇ) సికింద్రాబాద్ సీటీసీలో రెండు సరిసమానమైన లాప్‌టాప్‌లలో సొంత డబ్బుతో ఎంచుకున్నది ఈ) ఊళ్లో ఒక్కటే దొరికే మందు

6. మలక్‌పేట రేస్‌కోర్సులో పందెం కాయబోతున్న వ్యక్తి, పందెం కాసి పక్కకొచ్చిన వ్యక్తి. తన గుర్రం గెలుస్తుందన్న నమ్మకం ఎవరికి ఎక్కువ? (1)

7. మీరు ఆ కోఠి షాపు మేనేజర్. డెలివరీ అయిన మర్నాడు సరళగారి విషయంలో ఏం చేస్తారు? (2)

జవాబులు, వివరణ

1. ఆ. ఉన్న స్థితికీ కావలసిన స్థితికీ మధ్య తేడా కనిపించినప్పుడే కొనుగోలు మొదలవుతుంది. ఈ ఐదు దశల వరసకు మూలం 1910లో జాన్ డ్యూయీ సమస్యా పరిష్కారం గురించి చెప్పిన క్రమంలో ఉంది.

2. ఇ.

3. మూల్యాంకనానికీ కొనుగోలుకూ మధ్య. కొనాలన్న ఉద్దేశం కుదిరాక కూడా అది చెదరడానికి ఫిలిప్ కోట్లర్ రెండు కారణాలు చెబుతాడు: ఇతరుల వైఖరి, అనుకోని పరిస్థితులు. అత్తగారు మొదటిది.

4. డిసొనెన్స్. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం. వస్తువు మనం ఆశించినంతగా లేకపోతే అది అసంతృప్తి. సరళగారి ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు. వదులుకున్నదానిలోని మంచీ, ఎంచుకున్నదానిలోని చిన్న కొరతా ఒకేసారి మనసులో ఢీకొంటున్నాయి. వస్తువు బాగున్నా ఈ గుబులు రావచ్చు, అసలు సంగతి అదే. సిద్ధాంతం లియాన్ ఫెస్టింజర్‌ది, 1957. అంతకు ముందే, 1956లో, జాక్ బ్రెమ్ విద్యార్థినులకు గృహోపకరణాలు చూపించి, వాళ్లకు దాదాపు సమానంగా నచ్చిన రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. ఎంచుకున్నాక అదే వస్తువుకు విలువ పెంచారు, వదిలేసినదానికి తగ్గించారు. సరళగారు ప్రకటన చదవడం కూడా ఆ పనే: తన నిర్ణయానికి సాక్ష్యం వెతుక్కోవడం. అసంతృప్తి అని రాసినవాళ్లకు మార్కు లేదు. డిసొనెన్స్ అని మాత్రమే రాస్తే ఒకటి. వదులుకున్న ప్రత్యామ్నాయం ప్రస్తావిస్తే రెండు. ప్రకటన సంగతీ కలిపితే మూడు.

5. ఇ. ఖరీదు, స్వేచ్ఛగా చేసిన ఎంపిక, పోటాపోటీగా ఉన్న ప్రత్యామ్నాయాలు మూడూ కలిశాయి. ‘ఆ’లో ఎంపిక మనది కాదు, ‘ఈ’లో ఎంపికే లేదు.

6. పందెం కాసినవాడికి. 1968లో నాక్స్, ఇంక్‌స్టర్ ప్రచురించిన అధ్యయనంలో కెనడా రేస్‌కోర్సులో తేలిందిదే. గుర్రం మారలేదు, మనిషి కట్టుబడ్డాడు, అంతే.

7. ఫోన్ చేసి ఫ్రిజ్ ఎలా ఉందో అడగడం, కరెంటు ఆదా గురించి ఆవిడ ఎంపికను బలపరిచే ఒక్క మాట చెప్పడం, వారంటీ, సర్వీసు నంబరు వివరించడం. ఇందులో ఏ రెండు రాసినా పూర్తి మార్కులు. అదే ఫోన్లో అదనపు వారంటీ అమ్మజూపితే ఒక మార్కు తగ్గుతుంది. ‘అంటే ఇది తొందరగా పాడవుతుందన్నమాట’ అన్న అనుమానం ఆవిడలో మీరే నాటినట్టవుతుంది.