బట్టలు మీ గుమ్మం దగ్గరే తీసుకుంటాం: భీమవరం లాండ్రీ పోస్టులు

సోమవారం

ఈ ముసురుకి దండెం మీద బట్టలు ఆరడం లేదు. ఫ్యాను కింద వేస్తే ముక్కిన వాసన. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఆదివారం మొత్తం ఉతుకుడుకే సరి. ఆ సంచి మాకివ్వండి.

పొద్దున్న 6:30 నుంచి 8:30 లోపు, లేదా రాత్రి 7 నుంచి 9:30 లోపు మా అబ్బాయి వస్తాడు. మధ్యాహ్నం రాడు, మీరు ఇంట్లో ఉండరు కదా! గునుపూడి, జువ్వలపాలెం రోడ్డు, ఉండి రోడ్డు, బలుసుమూడి వైపు రోజూ తిరుగుతాం. ఉతికి మడత పెడితే కిలో 80 రూపాయలు, ఇస్త్రీతో అయితే 110. అయిదు కిలోలు దాటితే రాకపోకల ఖర్చు మాదే, తక్కువైతే 30 రూపాయలు. మూడో రోజు రాత్రికి తెచ్చిస్తాం.

ఇంట్లో ఎవరూ లేకపోతే సంచి వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్లండి. షాపులో లెక్కపెట్టి, ఫోటోతో సహా వాట్సాప్‌లో పెడతాం. మీ లెక్కతో కలవకపోతే ఆ రాత్రే చెప్పండి. మీరు సరే అనేదాకా ఉతకడం మొదలుపెట్టం. జేబులు మాత్రం ఒకసారి చూసుకోండి, బాల్‌పెన్ను ఒక్కటి చాలు పది చొక్కాలు పాడవడానికి.

బుధవారం

వరలక్ష్మీ వ్రతం అయ్యాక పట్టుచీరలు వరసగా వస్తాయి. ఒక్క మనవి అండి: మరక పడిన చోట నీళ్లు పోసి రుద్దకండి. రుద్దితే పట్టు మెరుపు పోతుంది, ఆ మెరుపు మేమూ తిరిగి తేలేం.

డ్రైక్లీనింగ్‌లో నీళ్లకు బదులు ద్రావకం వాడతారు. దీపం నూనె, నెయ్యి జిడ్డు దానికి బాగానే వదులుతాయి. చెమట, పానకం, కొబ్బరినీళ్ల మరకలు అలా పోవు, వాటిని విడిగా చూడాలి. అందుకే చీర ఇచ్చేటప్పుడు ఏం పడిందో, ఎక్కడ పడిందో చెప్పండి, అక్కడ దారంతో గుర్తు కడతాం. పసుపు మరకకి సబ్బు పెడితే ఎర్రబడుతుంది, పెట్టకండి. పాత పసుపు మరక పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేం. పోనిదాన్ని పోతుందని చెప్పి డబ్బులు తీసుకోవడం మాకు ఇష్టం లేదు.

పట్టుచీర 350, జరీ ఎక్కువుంటే 450, కోటు ప్యాంటు జత 400. డ్రైక్లీనింగ్‌కి అయిదు రోజులు పడుతుంది. పెళ్లికి కావాలంటే పెళ్లి తేదీ ముందే చెప్పండి, ఆఖరి రోజు టెన్షన్ మీకూ వద్దు, మాకూ వద్దు.

శుక్రవారం

గట్టి వాన పడుతోంది. ఉండి రోడ్డు వైపు ఈ రాత్రి ఇవ్వాల్సిన బట్టలు రేపు పొద్దున్న 7 గంటలకి వస్తాయి. స్కూలు యూనిఫాంలు ఉన్నవాళ్లవి మాత్రం రెండు కవర్లలో చుట్టి ఇప్పుడే పంపించాం. రేపు పికప్ కావాలంటే ఇదే నంబరుకి రాత్రి 10 లోపు "బట్టలు" అని వాట్సాప్ చేసి, ఫ్లాట్ నంబరు పెట్టండి.