మిర్చికాలంలోనూ బడి: దిద్దిన రైటప్, దానితోపాటు ఒక ఉత్తరం

బిడ్డా,

పురస్కారానికి నువ్వు రాసిన నాలుగు పేజీలూ రాత్రి రెండుసార్లు చదివాను. నువ్వు చేసిన పని ఎంతటిదో నాకు తెలుసు. సిరొంచ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మధ్య నలిగే పిల్లలకు నేనూ ముప్పై ఏళ్లు చెప్పాను. కానీ ఆ పని నీ కాగితం మీద కనబడటం లేదు. అదే నా బాధ.

నీ మొదటి వాక్యమే చూడు: "నేను రాత్రింబవళ్లు శ్రమించి, అంకితభావంతో మా బడిని తాలూకాకే ఆదర్శంగా తీర్చిదిద్దాను." ఊరి పేరు మారిస్తే ఇది ఏ బడికైనా సరిపోతుంది. 'అంకితభావం' ఏడుసార్లు వచ్చింది, ఏడూ కొట్టేశాను. నువ్వు అంకితభావం ఉన్న టీచరువో కాదో చదివినవాళ్లు అనుకోవాలి, నువ్వు చెప్పుకోకూడదు. అలాగని 'నేను'ను పూర్తిగా తీసేయలేదు. "పదాల పట్టిక తయారు చేయడం జరిగింది" అంటే ఎవరు చేశారో తెలియదు. నువ్వు చేసింది 'నేను చేశాను' అనే ఉంచాను. ఊళ్లోవాళ్లు చేసింది వాళ్లకే ఇచ్చాను.

పురస్కారానికి మార్కులు వేసే పట్టిక ముందు పెట్టుకుని నీ రాత కొలిచాను. పిల్లల ప్రగతికి 40, పద్ధతిలో కొత్తదనానికి 20, ఊరి భాగస్వామ్యానికి 20, ఇతర బడులకు పనికొచ్చే వీలుకు 20. 40 మార్కుల అంశానికి నువ్వు ఇచ్చింది ఆరు లైన్లు. నీ డిగ్రీలకు, శాలువాలకు పేజీన్నర. వాటికి ఒక్క మార్కు కూడా లేదు, అందుకే తీసేశాను. కోపం తెచ్చుకోకు.

ఇక లెక్కలు. "హాజరు 21 శాతం పెరిగింది" అని రాశావు. 57 శాతం నుంచి 78కి వెళ్తే పెరిగింది 21 పాయింట్లు. 57 మీద చూస్తే అది మూడో వంతు కంటే ఎక్కువ. లెక్క తెలిసిన జ్యూరీ సభ్యుడు అక్కడే ఆగిపోతాడు. నిన్న నిన్ను హాజరు పట్టీ తీసి ఫోన్లో చదవమన్నది ఇందుకే. ఇప్పుడు రెండు సంఖ్యలూ పక్కపక్కనే పెట్టాను, ఎంతమందిలో ఎంతమందో కూడా ఇచ్చాను. చిన్న బడి కదా, ఒట్టి శాతం చెబితే నలుగురు పిల్లలు కూడా పెద్ద సంఖ్యలా కనబడతారు.

"పిల్లలంతా చక్కగా చదువుతున్నారు" అన్నచోట ఇంకా పేరా చదవలేని ఆరుగురిని కూడా రాశాను. నీకు టెన్షన్ వస్తుందని తెలుసు. ఆ ఆరుగురిని దాచిపెడితే మిగతా పదహారు మందిని నమ్మేదెవరు?

ఒకటో తరగతి పిల్లకు 'పాణీ' అంటే 'పని' అని వినిపించిన సంగతి మూడో పేజీలో పడిపోయింది. ఈ బడికి ఈ పని ఎందుకు కావాల్సివచ్చిందో దానికంటే బాగా చెప్పేది ఇంకేదీ లేదు. దాన్ని ముందుకు తెచ్చాను.

దిద్దిన పాఠం ఇది. ముందు తెలుగులో సరిచూసుకో, తర్వాత మరాఠీలో రాయి.

*

ఇంటి భాష నుంచి బడి భాషకు: ఒక సంవత్సరం పని

మాది ప్రాణహిత ఒడ్డున ఉన్న జిల్లా పరిషత్ ప్రాథమిక శాల. 1 నుంచి 4 తరగతులు, 46 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. 39 మంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఒకటో తరగతి పిల్లతో 'పాణీ ఆణ్' అంటే నీళ్లు తేలేదు, చీపురు పట్టుకుని నిలబడింది. ఆమెకు వినిపించింది 'పని'. జనవరి నుంచి మార్చి వరకు చాలా కుటుంబాలు మిర్చి ఏరడానికి తెలంగాణకు వెళ్తాయి, పిల్లలనూ వెంట తీసుకెళ్తాయి. భాష రాకపోవడం, మూడు నెలలు బడికి దూరం కావడం అనే ఈ రెండు సమస్యల మీద ఈ ఏడాది పని చేశాం.

పిల్లల ప్రగతి: 3, 4 తరగతుల్లో 24 మంది ఉన్నారు. జూలైలో మరాఠీ పేరా చదవగలిగినవారు 5గురు. ఏప్రిల్ మొదటి వారంలో అదే స్థాయి పేరాను 22 మంది చేత చదివించాం, 16 మంది చదివారు. 6గురు ఇంకా విడి పదాల దగ్గరే ఉన్నారు. ఆ రోజుకు ఇద్దరు ఊరికి తిరిగి రాలేదు. మిర్చికాలంలో రోజువారీ సగటు హాజరు గత ఏడాది 44 మందిలో 25 (57 శాతం), ఈ ఏడాది 46 మందిలో 36 (78 శాతం). కుటుంబంతో వలస వెళ్లిన పిల్లలు గత ఏడాది 15 మంది, ఈ ఏడాది 6గురు.

పద్ధతి: పిల్లలు రోజూ వాడే 312 తెలుగు మాటలకు మరాఠీ మాటలు జతచేసి ఒక చిన్న పుస్తకం తయారు చేశాను. రెండు భాషల్లోనూ దగ్గరగా ఉన్న 'పుస్తకం', 'మిర్చి' లాంటి మాటలతో మొదలుపెట్టి, తర్వాత 'పాణీ', 'పని' లాంటి తికమక జతలకు వెళ్తాం. ప్రతి ఉదయం మొదటి 20 నిమిషాలు దీనికే. పిల్లలు ముందు తెలుగులో చెబుతారు, అదే మాటను మరాఠీలో అంటారు, చివరికి చదువుతారు.

ఊరి భాగస్వామ్యం: డిసెంబరులో 31 ఇళ్లకు వెళ్లి మాట్లాడాం. 9 కుటుంబాలు 12 మంది పిల్లలను అమ్మమ్మల, నానమ్మల దగ్గర వదిలి వెళ్లాయి. ఊళ్లోని ఇద్దరు డిగ్రీ విద్యార్థులు బడి వరండాలో 52 సాయంత్రాలు గంట చొప్పున చదివించారు. పిల్లలకు జ్వరం వస్తే అంగన్‌వాడీ కార్యకర్త ఇంటికి వెళ్లి చూసి, ఆశా కార్యకర్తకు కబురు చేశారు. తల్లిదండ్రులకు ఫోన్ చేసే పని సహ ఉపాధ్యాయుడు చూసుకున్నారు.

ఇతర బడులకు వీలు: మొత్తం ఖర్చు 3,140 రూపాయలు. అందులో 2,000 శాల వ్యవస్థాపన సమితి ఇచ్చింది. పుస్తకం నకళ్లు పక్క ఊళ్లలోని 3 బడులు తీసుకున్నాయి, 2 బడుల్లో రోజూ వాడుతున్నారు. ఇంటి భాష గోండి అయిన చోట మాటల జాబితా మళ్లీ తయారు చేసుకోవాలి, ఉదయం 20 నిమిషాల క్రమం అలాగే వాడుకోవచ్చు.

*

జతపరచాల్సిన కాగితాలు నాలుగే: రెండేళ్ల జనవరి–మార్చి హాజరు పట్టీ నకలు, జూలై, ఏప్రిల్ చదువు పరీక్షల జాబితా, ఖర్చు బిల్లులు, పుస్తకంలో రెండు పేజీలు. నీకు శాలువా కప్పిన ఫోటో వద్దు. వరండాలో లైటు కింద పిల్లలు చదువుతున్న ఫోటో ఒకటి ఉంది కదా, అది పెట్టు.

ఒక్క సంగతి ఇంకా తేలలేదు. 31 ఇళ్లు అన్నావు, నీ డైరీలో 29 ఇళ్ల పేర్లే ఉన్నాయని నువ్వే చెప్పావు. మిగతా రెండు ఇళ్లు ఏవో గుర్తుకొస్తే రాసుకో, లేకపోతే 29 అనే రాయి. గడువు శుక్రవారం. మరాఠీలో రాసింది గురువారం పొద్దున్నే పంపితే ఇంకోసారి చూస్తాను.