ప్లేగు తర్వాత కూలి రేటు ఎవరు నిర్ణయించారు? ఇంగ్లండ్, 1348–1381: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

1348 వేసవిలో ప్లేగు ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్‌లోని మెల్కమ్ రేవులో దిగింది. ఆ ఏడు చివరికి లండన్ చేరింది, 1349లో దేశమంతా పాకింది. లండన్‌లో శవాలను ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ శ్మశానంలో వరుసలుగా పూడ్చారు. అక్కడ దొరికిన దంతాల్లోంచి ప్లేగు బ్యాక్టీరియా డీఎన్‌ఏను 2011లో వెలికి తీశారు కాబట్టి రోగం ఏదన్న దానిపై ఇప్పుడు పేచీ లేదు. ఎంతమంది పోయారన్నదే పేచీ: మూడో వంతు అనేవారున్నారు, సగం అనేవారున్నారు. అప్పట్లో జనగణన లేదు. 1377 తలపన్ను జాబితాలను బట్టి లెక్కగడితే అప్పటికి జనాభా సుమారు 25 లక్షలు. ప్లేగుకు ముందు 45 నుంచి 60 లక్షలని అంచనా. ఈ లోటంతా మొదటి దెబ్బతోనే వచ్చింది కాదు. 1361లో, 1369లో, 1375లో రోగం మళ్లీ వచ్చింది. 1361 నాటిది పిల్లలను ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. పదిహేనేళ్ల తర్వాత పొలంలో దిగాల్సిన చేతులు అవే. కూలీల కొరత ఒక తరానికి పైగా తీరకపోవడానికి కారణం 1349 కన్నా ఈ మలి దెబ్బలే.

ఒక ఊరి లెక్క: కక్స్‌హామ్

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కక్స్‌హామ్ చిన్న ఊరు. భూమి ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీది. కాలేజీ లెక్కలు భద్రంగా ఉండటం వల్ల ఇక్కడ ఏం జరిగిందో దగ్గరగా చూడవచ్చు. 1349 మొదట్లో ఊళ్లో కాలేజీ పొలానికి వెట్టి చేసే కట్టుబానిస రైతులు పన్నెండు మంది. ఏడాది తిరిగేసరికి పన్నెండు మందీ పోయారు. 1311 నుంచి పొలం పనులు చూసి లెక్క అప్పజెప్పిన రాబర్ట్ ఓల్డ్‌మన్ కూడా అదే విడతలో చనిపోయాడు. రైతు చనిపోతే ఇంట్లోని మేలైన పశువును ప్రభువుకు, అంటే భూమి యజమానికి, అప్పగించాలన్నది ఆనాటి ఆచారం. ఇన్ని చావులు ఒక్కసారిగా పడితే ప్రభువు దొడ్డి నిండుతుంది, వాటిని మేపే మనిషి, కొనే మనిషి మాత్రం దొరకరు.

ఖాళీ పడిన పొలం చెక్కలు కొన్నేళ్లు అలాగే ఉండిపోయాయి. వెట్టి షరతుతో తీసుకోవడానికి ఎవరూ రాలేదు. 1355 ప్రాంతానికి కొత్తవారు వచ్చారు గానీ వెట్టికి కాదు, నగదు శిస్తుకు. 1359లో కాలేజీ సొంత సేద్యమే మానేసి పొలాన్ని కౌలుకిచ్చేసింది. వెట్టిని ఏ చట్టమూ రద్దు చేయలేదు. మనుషులు దొరక్క అది ఒక్కో ఊళ్లో ఒక్కోలా జారిపోయింది.

చట్టం

ప్రభుత్వం ఆలస్యం చేయలేదు. రోగం ఇంకా తిరుగుతుండగానే 1349 జూన్ 18న కూలీల ఆజ్ఞ వెలువడింది: 60 ఏళ్లు దాటని, సొంత ఆధారం లేని ఆడా మగా ఎవరైనా, పిలిచిన వారి దగ్గర ప్లేగుకు ముందున్న జీతానికే పనిచేయాలి. అది చాలక 1351 ఫిబ్రవరిలో పార్లమెంటు రేట్లు కట్టింది. గడ్డి పనికి, కలుపుకు రోజుకు 1 పెన్నీ. గడ్డిమైదానం కోతకు ఎకరాకు 5 పెన్నీలు. పంటకోతకు ఆగస్టు మొదటి వారం 2 పెన్నీలు, రెండో వారం నుంచి 3, తిండి లేకుండా. పెద్ద వడ్రంగికి 3, రాతిపని మేస్త్రీకి 4.

రేట్లకన్నా షరతులు చూడాలి. దున్నేవాడు, గొర్రెల కాపరి ఏడాది లెక్కన జీతానికి కుదరాలి తప్ప రోజుకూలికి కుదరకూడదు. పనిముట్లు చేత పట్టుకుని సంతపట్నంలో బహిరంగంగా నిలబడితే అక్కడే కుదుర్చుకోవాలి, చాటుమాటు బేరాలు కుదరవు. చట్టానికి కట్టుబడతామని ఏడాదికి రెండుసార్లు ప్రమాణం చేయాలి, చేయనివారిని బొండలో వేస్తారు. ప్రతి ఊళ్లో బొండకొయ్య ఏర్పాటు చేయాలని కూడా అందులోనే ఉంది. కూలీకి అసలు లాభం రోజు రేటులో కన్నా ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలిపోయే వీలులో ఉందని చట్టం రాసినవాళ్లు సరిగ్గానే పట్టారు.

అమలుకు ప్రత్యేక న్యాయాధికారులను వేశారు. జరిమానాలు ఆ ప్రాంతం కట్టాల్సిన పన్నులో తగ్గించే ఏర్పాటు కొన్నేళ్లు నడిచింది, అందుకే పన్ను కట్టే మోతుబరులు ఫిర్యాదులకు ముందుకొచ్చారు. అయినా చట్టం నిలవలేదు. కోతకాలంలో పంట రాలిపోతుంటే పక్క ప్రభువు కూలీని ఎక్కువిచ్చి లాక్కున్నది మరో ప్రభువే. కొన్ని ఎస్టేట్ లెక్కల్లో ఇచ్చిన కూలిని కొట్టేసి, పైన చట్టబద్ధమైన రేటు రాసి ఉంటుంది. మిగతాది గింజలుగా, భోజనంగా చేరేది. కాబట్టి ఖాతాలోని నగదు అంకెను మాత్రమే పట్టుకుని 'కూలి పెరగలేదు' అనడం ఈ కాలాన్ని చదివేవారు తరచూ చేసే పొరపాటు.

రెండో పొరపాటు దీనికి తిరగేసినది: 1350 నుంచే కూలీకి మంచి రోజులు వచ్చాయనడం. నగదు కూలి పెరిగిన మాట నిజమే, కానీ ధాన్యం ధరలూ 1375 వరకు ఎక్కువగానే నడిచాయి. పంటలు బాగా పండి ధరలు దిగాకే కూలి డబ్బుకు నిజంగా బలం వచ్చింది. ఆ బలం కంచంలో కనిపిస్తుంది. నార్ఫక్‌లోని సెడ్జ్‌ఫర్డ్‌లో కోత కూలీలకు పెట్టిన తిండి ఖర్చులో 1256లో రొట్టెదే పెద్ద వాటా, మాంసం నామమాత్రం. 1424 నాటికి రొట్టె ఐదో వంతుకన్నా తగ్గింది, మాంసం నాలుగో వంతు దాటింది. ఇది పెద్దవాళ్ల కళ్లలో పడకపోలేదు. ఎవరి తాహతుకు ఏ గుడ్డ కట్టాలో చెప్పే చట్టం 1363లో వచ్చింది, త్వరలోనే రద్దయింది.

తిరుగుబాటు

1381లో 15 ఏళ్లు దాటిన ప్రతి మనిషికి 12 పెన్నీల తలపన్ను పడింది. వసూలుపై గొడవ మే చివర ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో రాజుకుంది. జూన్ 13న ఎసెక్స్, కెంట్ జనం లండన్‌లో ప్రవేశించారు. మరునాడు మైల్ ఎండ్‌లో 14 ఏళ్ల రాజు రెండో రిచర్డ్ ముందు పెట్టిన కోరికల్లో ముఖ్యమైనవి రెండు: కట్టుబానిసత్వం పోవాలి, భూమి శిస్తు ఎకరాకు 4 పెన్నీలకు మించకూడదు. ఆకలితో అలమటించేవారి కోరికలు కావివి. చేతికందినదాన్ని చట్టం లాక్కుంటుంటే ఊరుకోని వారివి. దారిపొడవునా ప్రభువుల కోర్టు దస్త్రాలు వెతికి మరీ కాల్చారు, ఎందుకంటే ఎవరు కట్టుబానిసో తేల్చే రుజువు ఆ కాగితాలే. జూన్ 15న స్మిత్‌ఫీల్డ్‌లో తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్‌ను చంపారు. ఇచ్చిన హామీ పత్రాలను జూలై మొదట్లో రాజు వెనక్కి తీసుకున్నాడు.

తిరుగుబాటు ఓడిపోయినా వెట్టి తిరిగి రాలేదు. 15వ శతాబ్దంలో అదే భూమి, కోర్టు దస్త్రంలో రాసిన దాని నకలే రైతుకు హక్కుపత్రంగా, నగదు శిస్తుకు సాగింది. గొర్రెలకు తక్కువ మనుషులు చాలు కనుక చాలాచోట్ల దుక్కి పొలాలు పచ్చికబయళ్లయ్యాయి, కొన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయి.

పోల్చి చూడండి: ఈజిప్టు

ఇదే ప్లేగు 1347లో అలెగ్జాండ్రియాకు చేరింది. అక్కడ సాగు నైలు వరద మీద ఆధారపడింది. వరదకు ముందు ఏటా కాలువల పూడిక తీయాలి, కట్టలు గట్టిచేయాలి. అది ఊళ్లన్నీ కలిసి చేసే పని, మనుషులు తగ్గితే సగం చేసినా లాభం లేదు. అప్పట్లో ఈజిప్టును ఏలిన మమ్లూక్ సైనిక ప్రభువులు కైరోలో ఉండి ఊళ్ల నుంచి ఆదాయం తీసుకునేవారు. ఇంగ్లండ్ ప్రభువులా ఒకే ఊళ్లో తరాలుగా పాతుకున్నవారు కాదు, ఏ ఊరి ఆదాయం ఎవరికన్న కేటాయింపు మారుతుండేది. దాంతో కాలువ మరమ్మతు మీద కన్నా మిగిలిన రైతుల నుంచి పాత మొత్తమే పిండడం మీద దృష్టి పెట్టారు. రైతులు పట్నాలకు పారిపోయారు, కాలువలు పూడిపోయాయి, పంట పడిపోయింది. పూడిన కాలువ పక్కన మిగిలిన రైతుకు కొరత వల్ల బేరమాడే బలం రాలేదు, దున్నడానికి తడి నేలే దొరకలేదు.