ఆరేళ్ల పన్ను

హెడ్మాస్టరు గారికి, టీచర్లకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అందరూ ఒకసారి నాలుకతో కింది వరసలో అన్నిటికన్నా వెనకున్న పన్ను తాకి చూడండి. దొరికిందా? మూడు, నాలుగు తరగతుల వాళ్లలో చాలామందికి అది ఆరేళ్ల పన్ను. ఏ పాలపన్నూ ఊడకుండానే, దాదాపు ఆరేళ్ల వయసులో వెనకాల మొలుస్తుంది. అందుకే ఇంట్లో దాన్నీ పాలపన్నే అనుకుంటారు.

నా విషయంలో అదే జరిగింది. నాదీ ఈ విజయనగరం జిల్లాయే. తొమ్మిదేళ్లప్పుడు ఆ పన్ను పుచ్చింది. "ఊడిపోతే మళ్లీ వస్తుందిలే" అన్నారు. రాత్రిళ్లు నొప్పికి ఏడ్చేదాన్ని. చివరికి పీకించారు. మళ్లీ రాలేదు, అది పాలపన్ను కాదు మరి. ఇప్పటికీ అటువైపు జంతికలు నమల్లేను. మీలో ఒక్కరికీ అలా కాకూడదనే నేనివాళ వచ్చాను.

పన్నులో పురుగు పడిందంటారు కదా, నిజానికి పురుగేమీ ఉండదు. పళ్ల మీది పాచిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. మనం తీపి తింటే అవీ తింటాయి, తిని ఆమ్లం వదులుతాయి. సుమారు అరగంట సేపు అది పన్ను పైపొరను కొంచెం కొంచెం కరిగిస్తుంది. తర్వాత మన లాలాజలమే ఆ పొరను బాగు చేసుకుంటుంది. కానీ గంటకో చాక్లెట్ తింటే బాగు చేసుకునే తీరికేదీ?

అందుకే స్వీట్లు మానేయమనను. పైడితల్లమ్మ పండగకి జీళ్లు కొనుక్కోని పిల్లలుంటారా! కొనుక్కోండి, అన్నం తిన్న వెంటనే తినేసి, నీళ్లు పుక్కిలించండి. బడిలో ఇచ్చే పల్లీ చిక్కీ కూడా అంతే. భోజనంతోనే తినండి, జేబులో పెట్టుకుని సాయంత్రం దాకా కొరకొద్దు. జీళ్లూ చిక్కీ పంటి గుంటల్లో అతుక్కుంటాయి.

ఇక బ్రష్. పొద్దున్న అందరూ తోముతారు, రాత్రి ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ఎన్ని తక్కువో! నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్లకి కాపలా ఉండదు. అందుకే రాత్రి తోముడే ముఖ్యం. ఫ్లోరైడ్ అని రాసి ఉన్న పేస్టు, బఠాణీ గింజంత చాలు. మెల్లగా గుండ్రంగా తిప్పుతూ మనసులో నూట ఇరవై లెక్కపెట్టండి. నేను చూపిస్తాను, ఈ బొమ్మ పళ్లు చూడండి. వెనక పన్ను దగ్గర బ్రష్ కొంచెం అడ్డంగా పెట్టాలి, ఇలా. నురుగు ఉమ్మేయండి, మింగొద్దు. తోమాక మళ్లీ ఏమీ తినొద్దు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు, పన్ను అరిగిపోతుంది.

ఇంకో మాట. మీ ఇంట్లో చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, మధ్యాహ్నం ఇక్కడికి తీసుకురండి. వాళ్ల అంగిలి మేం తప్పకుండా చూడాలి.

ఇప్పుడు మూడో తరగతి వాళ్లు ముందు వరసలో రండి. ఇవాళ ఇంజెక్షన్ లేదు, ఎవరి పన్నూ పీకం. చిన్న అద్దంతో చూస్తామంతే.