స్కిల్ మ్యాట్రిక్స్, వచ్చే రెండు వారాల కెపాసిటీ ప్లాన్

3: ఇంకొకరికి నేర్పగలరు, 2: ఒక్కరే చేయగలరు, 1: పక్కన తోడు కావాలి, 0: తెలియదు

| పేరు | బిల్లింగ్ | డేటాబేస్ | యాప్ | సపోర్ట్ |
|---|---|---|---|---|
| సునీత | 3 | 1 | 0 | 3 |
| రవి | 1 | 3 | 0 | 2 |
| ఫాతిమా | 0 | 1 | 3 | 2 |
| కిరణ్ | 2 | 0 | 2 | 2 |
| మౌనిక | 1 | 0 | 1 | 1 |

నాకు టెన్షన్ అంతా డేటాబేస్ దగ్గరే. రవి తప్ప ఒక్కరే చేయగలిగినవాళ్లు లేరు, ఆయనేమో రెండో వారం బుధ, గురు, శుక్రవారాలు సెలవు. కాబట్టి డేటాబేస్ మార్పులన్నీ ఆ మంగళవారం లోపే లైవ్‌లోకి వెళ్లాలి. ఈలోగా టెస్ట్ సర్వర్‌లో బ్యాకప్ రీస్టోర్ సునీత గారు స్వయంగా చేయాలి. రవి గారూ, మీరు పక్కన కూర్చుని చూడండి చాలు, కీబోర్డ్ ముట్టుకోవద్దు.

మీటింగులు తీసేసి రోజుకు 6 గంటల లెక్కన ఐదుగురికి 300 గంటలు. రవి సెలవు 18 పోతే 282.

సపోర్ట్‌కు 100: రోజుకొకరు డ్యూటీలో 60, కిరణ్ డ్యూటీ రెండు రోజులూ మౌనిక పక్కన కూర్చుంటే 12, మిగతావాళ్ల దాకా వచ్చే టికెట్లకు 28. డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ రోజు ప్రాజెక్ట్ పని ఇవ్వొద్దు.

మిగిలిన 182లో 32 అత్యవసరాలకు పక్కన పెడదాం. ప్రాజెక్టులకు 150. పేమెంట్ పేజీకి 90, రిపోర్టులకు 80 కావాలి, అంటే 20 ఎక్కువ. రిపోర్టుల్లో ఎక్సెల్ డౌన్‌లోడ్ తర్వాతి విడతకు జరుపుతున్నాను. క్లయింట్‌కు సోమవారమే నేను చెప్తాను.